గాలి మిషన్‌లో 24, కాంటాక్ట్ టోనోమీటర్‌లో 18: కంటి ప్రెషర్ విషయంలో ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 44. గత నెలలో హెల్త్ చెకప్‌కు వెళితే గాలి కొట్టే మిషన్‌తో చూసి కుడి కంటికి 24, ఎడమ కంటికి 22 ఉంది, గ్లకోమా అనుమానం అన్నారు. చీటీలో కుడికి 28, 23, 21 అనీ, ఎడమకు 24, 21, 21 అనీ ఉంది. పది రోజుల తర్వాత కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి, నీలం లైటుతో కంటిని తాకించి చూసి 18, 17 అన్నారు. కార్నియా మందం 594, 590 అట. రెండింట్లో ఏది నమ్మాలి? చుక్కల మందు మొదలుపెట్టాలా?

సమాధానం:

మందు మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి ఆధారం కావలసింది కంటి ఆసుపత్రిలో తాకించి చూసిన 18, 17. గాలి మిషన్ చూపిన 24ను మాత్రమే పట్టుకుని ఎవరూ చుక్కల మందు రాయకూడదు. అలాగని ఆ మిషన్ చెడిపోయిందనీ, ఆ అంకెకు అర్థం లేదనీ అనుకోవద్దు. మీ చీటీలోని మూడు అంకెలను, మీ కార్నియా మందాన్ని, ఆ ఉదయం మీరు గడిపిన తీరును కలిపి చూస్తే 24 ఎలా వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది. నేను ఆప్టోమెట్రిస్టుగా ఇరవై ఏళ్లకు పైగా గ్లకోమా విభాగంలో రోజూ ఈ రెండు రకాల పరికరాలతోనూ కొలతలు తీస్తున్నాను కాబట్టి, ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా గ్రహించవలసిన సంగతి ఏమిటంటే, ఈ రెండు పరికరాల్లో ఏదీ కంటి లోపలి ఒత్తిడిని నేరుగా కొలవదు. నేరుగా కొలవాలంటే కంటిలోకి సన్నని గొట్టం దించాలి, అది ఆపరేషన్ బల్ల మీద తప్ప సాధ్యం కాదు. సైకిలు చక్రంలో గాలి ఎంతుందో తెలుసుకోవడానికి మనం బొటనవేలితో టైరును నొక్కి చూస్తాం కదా, టోనోమీటర్లు చేసే పని కూడా అటువంటిదే. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే కార్నియా అనే పొరను కొద్దిగా చదును చేయడానికి ఎంత బలం పట్టిందో చూసి, దాన్నిబట్టి లోపల ఒత్తిడి ఎంతో లెక్కగడతాయి. టైరు రబ్బరు మందంగా ఉంటే లోపల గాలి తక్కువున్నా వేలికి గట్టిగానే తగులుతుంది. కార్నియా మందంగా ఉన్న కంటికి కూడా అదే జరుగుతుంది. రెండు పరికరాల మధ్య తేడా అంతా ఆ నొక్కడం ఎలా జరిగింది, ఎంతసేపు జరిగింది అన్న దగ్గరే మొదలవుతుంది.

మీకు ఆసుపత్రిలో వాడినది గోల్డ్‌మన్ అప్లనేషన్ టోనోమీటర్ అయి ఉండాలి. చుక్కలు, నీలం లైటు దానికే వాడతారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరానికి చెందిన హాన్స్ గోల్డ్‌మన్ 1950లలో దీన్ని రూపొందించారు. ముందు కంటికి స్పర్శ తెలియకుండా చుక్కలు వేసి, కన్నీటికి ఫ్లోరిసిన్ అనే పసుపు రంగు అద్ది, స్లిట్ ల్యాంపు అనే కంటి మైక్రోస్కోపు నుంచి చిన్న ప్రిజమ్‌ను మెల్లగా కార్నియాకు ఆనిస్తాము. నీలం కాంతిలో మాకు రెండు ఆకుపచ్చని అర్ధవలయాలు కనిపిస్తాయి, ఒకటి పైన, ఒకటి కింద. పక్కనున్న చక్రాన్ని తిప్పుతూ బలాన్ని పెంచుతూ పోతే ఆ రెండు అర్ధవలయాల లోపలి అంచులు ఒకదాన్నొకటి సరిగ్గా తాకే క్షణం వస్తుంది. అప్పుడు కార్నియాపై సరిగ్గా 3.06 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తం చదునైందని అర్థం. చక్రం మీద 1.8 ఉంటే ఒత్తిడి 18 అని రాస్తాము. ఆ 3.06 అన్న కొలతను ఏరికోరి ఎంచుకోవడానికి కారణం ఉంది. కార్నియా వంగడానికి ఇష్టపడక ప్రిజమ్‌ను వెనక్కి నెడుతుంది, కన్నీటి పొర ప్రిజమ్‌ను ముందుకు లాగుతుంది. మామూలు మందం గల కార్నియాలో ఆ వ్యాసం దగ్గర ఈ రెండు బలాలూ దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైగా ఒక గ్రాము బలం సరిగ్గా 10 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడికి సమానమవుతుంది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది, కొలిచే మనిషి కంటిని చూస్తూ కొలవడం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కంటిలోకి రక్తం వచ్చి పోతుంది కాబట్టి కంటి ఒత్తిడి కూడా రెండు మూడు పాయింట్లు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. ఆ ఆకుపచ్చని అర్ధవలయాలు కూడా ఆ లయలోనే చిన్నగా కదులుతూ కనిపిస్తాయి, మేము ఆ ఊగులాట మధ్యలో చక్రాన్ని ఆపి అంకె చదువుతాము. రోగి ఊపిరి బిగబడితేనో, రెప్పలు బిగిస్తేనో అర్ధవలయాలు ఒక్కసారిగా ఒకదానికొకటి దూరం జరుగుతాయి. అది కనిపించగానే ఆగి, ఊపిరి వదలమని చెప్పి, మళ్లీ చూస్తాము.

గాలి మిషన్‌కు ఈ వెసులుబాటు లేదు. 1970ల ఆరంభంలో అమెరికాలో బెర్నార్డ్ గ్రోల్‌మన్ తయారుచేసిన ఈ పద్ధతిలో కంటికి ఒక సెంటీమీటరు పైచిలుకు దూరం నుంచి గాలిని చిన్న దెబ్బలా విడుదల చేస్తారు. అదే సమయంలో ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కార్నియా మీదకు పంపుతారు. గుండ్రంగా ఉన్నప్పుడు కార్నియా ఆ కాంతిని చెల్లాచెదురు చేస్తుంది, చదునైన క్షణంలో అద్దంలా నేరుగా వెనక్కి పంపుతుంది. ఆ వెలుగు ఎక్కువగా అందిన క్షణానికి గాలి ఎంత బలంతో ఉందో చూసి ఒత్తిడిని లెక్క కడతారు. ఇదంతా సెకనులో కొన్ని వేలవంతుల వ్యవధిలో అయిపోతుంది. కాబట్టి ఆ గాలిదెబ్బ గుండె లయలో ఒత్తిడి పైకి వెళ్లిన క్షణంలో తగిలిందా, కిందికి దిగిన క్షణంలో తగిలిందా అన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఒకే కంటికి మూడుసార్లు గాలి కొట్టి సగటు తీయడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఒక్కసారి మాత్రమే కొట్టి అంకె చెప్పే చోట ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి.

వేగం వల్ల ఇంకొక చిక్కు కూడా ఉంది. కార్నియా రబ్బరులా కేవలం సాగే పొర మాత్రమే కాదు. తడిపిన పిండి ముద్దను వేలితో మెల్లగా నొక్కితే అణుగుతుంది, అదే ముద్దను చేత్తో చరిస్తే ఎదురు నిలుస్తుంది. కార్నియాకు కూడా కొంత ఆ గుణం ఉంది. ఆనించి మెల్లగా నొక్కే ప్రిజమ్‌కు లొంగినంత సులువుగా అది గాలిదెబ్బకు లొంగదు. అందువల్ల కార్నియా మందం, బిగువు అన్నవి గోల్డ్‌మన్ కొలతను కూడా కదిలిస్తాయి గాని, గాలి మిషన్ కొలతను సాధారణంగా ఇంకా ఎక్కువగా కదిలిస్తాయి. ఒత్తిడి మామూలుగా ఉన్న కళ్లలో రెండు పరికరాలూ రెండు మూడు పాయింట్ల తేడాలోనే ఉంటాయి. ఒత్తిడి 20 దాటి పైకి పోయేకొద్దీ, కార్నియా మరీ మందంగానో మరీ పల్చగానో ఉన్నప్పుడు, ఆ తేడా పెరుగుతుంది.

ఇప్పుడు మీ చీటీ దగ్గరకు వద్దాం. కుడి కంటికి 28, 23, 21 అని వచ్చాయి. మొదటిది అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత వరుసగా దిగింది. ఎడమ కంటికి కూడా మొదటి 24 తర్వాత రెండూ 21కి వచ్చాయి. గాలి ఎప్పుడు తగులుతుందో తెలియక మొదటిసారి మనిషి ఉలిక్కిపడి రెప్పలు బిగించినప్పుడు ఇలా అవుతుంది. రెప్పలు గట్టిగా బిగిస్తే కంటి ఒత్తిడి ఆ క్షణానికి పది పాయింట్లు కూడా పెరగగలదు. నిజమైన ఒత్తిడే 28 ఉండి ఉంటే మిగిలిన రెండు అంకెలు కూడా దాని చుట్టూనే ఉండేవి. నేనైతే ఆ 28ని పక్కనపెట్టి, 23కూ 21కీ దగ్గరగా వచ్చే వరకు ఇంకో రెండుసార్లు తీసేవాడిని. ఉన్న రెండింటినే తీసుకున్నా కుడి కన్ను 22, ఎడమ కన్ను 21 అవుతాయి. అంటే మీరు 24కూ 18కీ మధ్య ఆరు పాయింట్ల తేడా అనుకుంటున్నది నిజానికి నాలుగే.

ఆ నాలుగులో కొంత మీ కార్నియా మందానిది. మన దక్షిణాది వారిలో కార్నియా మధ్యభాగం మందం సగటున 520 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. మీది 594, 590 అంటే బాగా మందమైన కార్నియా కిందే లెక్క. మిగిలిన కొంత ఆ ఉదయానిది కావచ్చు. హెల్త్ చెకప్‌లో పొట్ట స్కానింగ్ కోసం మూత్రాశయం నిండాలని లీటరు దాకా నీళ్లు తాగిస్తారు. ఒకేసారి లీటరు నీళ్లు తాగితే పావుగంట నుంచి అరగంటలో కంటి ఒత్తిడి కొన్ని పాయింట్లు పెరుగుతుంది. గ్లకోమా ఉన్నవారిలో ఒత్తిడి ఎంత ఎత్తుకు వెళుతుందో తెలుసుకోవడానికి కొందరు వైద్యులు ఇదే పద్ధతిని పరీక్షగా కూడా వాడతారు. మీకు కంటి పరీక్ష స్కానింగ్‌కు ముందు, నీళ్లు తాగి ఎదురుచూస్తున్నప్పుడు జరిగిందేమో గుర్తు చేసుకోండి. ఇది కాక, కంటి ఒత్తిడి రోజులో ఒకే తీరున ఉండదు. ఆరోగ్యమైన కంటిలో కూడా ఉదయానికీ సాయంత్రానికీ మధ్య మూడు నుంచి ఆరు పాయింట్ల మార్పు మామూలే. వేర్వేరు రోజున, వేర్వేరు వేళల్లో తీసిన రెండు కొలతల మధ్య తేడా మొత్తాన్నీ పరికరాల మీదికి నెట్టలేము.

కార్నియా మందం తెలిసింది కాబట్టి దాన్నిబట్టి అసలు ఒత్తిడి ఎంతో లెక్కగట్టి చెప్పమని చాలామంది అడుగుతారు. ఇన్ని మైక్రాన్లకు ఇన్ని పాయింట్లు తీసివేయాలని చెప్పే పట్టికలు ఉన్న మాట నిజమే. కాని ఒక పట్టికకూ ఇంకొక పట్టికకూ పొంతన ఉండదు. అవి గుంపు మొత్తానికి సగటున వర్తించే లెక్కలే గాని ఒక మనిషి కంటికి వర్తించేవి కావు. ఒకే మందం ఉన్న రెండు కార్నియాల్లో ఒకటి మెత్తగా, ఒకటి బిగువుగా ఉండవచ్చు. అందుకని 18లోంచి ఇన్ని తీసేస్తే 14 అని చీటీ మీద రాయడాన్ని నేను ఒప్పుకోను. మందమైన కార్నియా కాబట్టి అసలు ఒత్తిడి 18 కన్నా తక్కువే ఉండే అవకాశం ఎక్కువ అన్నంతవరకే చెప్పగలము, చెప్పవలసింది కూడా అంతే.

గోల్డ్‌మన్ కొలతను నమ్మండి అన్నాను గాని, దాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం ఒక పెద్దాయనకు 26 రాశాను. ఆయన రెప్పలు వాలిపోయి ఉండటంతో పై రెప్పను వేలితో ఎత్తి పట్టుకుని కొలిచాను, నా వేలు కంటిగుడ్డు మీదే ఆనుతోందన్న స్పృహ నాకు లేదు. మా సీనియర్ మేడమ్ వచ్చి, రెప్పను కనుబొమ ఎముకకు ఆనించి పట్టుకుని మళ్లీ చూస్తే 19 వచ్చింది. ఏడు పాయింట్ల తేడా నా వేలిది. ఆ 26ను నమ్మి ఉంటే ఆయన జీవితాంతం చుక్కలు వేసుకునేవారు. ఆ రోజు నుంచి రెప్ప పట్టుకోవలసి వస్తే ఆ సంగతి చీటీలో తప్పకుండా రాస్తాను. ఇదొక్కటే కాదు, పసుపు రంగు ఎక్కువై అర్ధవలయాలు లావుగా కనిపిస్తే అంకె ఎక్కువ వస్తుంది, రంగు చాలక సన్నగా కనిపిస్తే తక్కువ వస్తుంది. బిగుతైన కాలరు, గడ్డం ఆనించే చోటు అందక మెడ సాచి కూర్చోవడం, ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ అంకెను పెంచేవే. పరికరం కూడా కాలక్రమంలో దారి తప్పుతుంది కాబట్టి దానితో వచ్చే కొలత కడ్డీని తగిలించి 0, 20, 60 దగ్గర సరిగ్గా ఉందో లేదో తరచుగా చూసుకోవాలి. మంచి గ్లకోమా విభాగంలో ఆ తనిఖీ తేదీలు ఒక పుస్తకంలో రాసి ఉంటాయి, మీరు అడిగినా తప్పుగా అనుకోరు.

రెండు పరికరాలూ ఒకే మాట చెప్పి, రెండూ తప్పే సందర్భం మాత్రం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. అద్దాలు వద్దనుకుని లేసిక్ చేయించుకున్న వారి కార్నియా పల్చబడుతుంది. లోపల ఒత్తిడి 20 దాటి ఉన్నా గాలి మిషన్ 13, గోల్డ్‌మన్ 15 అని చూపవచ్చు. రెండూ దగ్గరగా ఉన్నాయి కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు, కంటి నరం లోలోపల దెబ్బతింటూ పోతుంది. లేసిక్ చేయించుకున్నవారు ఏళ్లు గడిచినా, ఏ కంటి పరీక్షకు వెళ్లినా, ప్రెషర్ చూసే ముందే ఆ సంగతి చెప్పాలి. కార్నియా మీద మచ్చ ఉన్నా, అది శంఖంలా ముందుకు పొడుచుకు వచ్చినా, వాచి ఉన్నా గోల్డ్‌మన్ కొలత మీద నమ్మకం తగ్గుతుంది. అటువంటి చోట చిన్న ప్రోబ్‌ను కార్నియాకు తాకించి వెనక్కి వచ్చే వేగాన్ని చూసే రీబౌండ్ టోనోమీటర్ వంటివి వాడతారు. కండ్లకలక ఉన్నప్పుడు, ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో, కంటిని ముట్టుకోనివ్వని పిల్లల్లో గాలి మిషనే మేలు. వందల మందిని ఒక పూటలో చూడవలసిన శిబిరాల్లో కూడా దాన్ని తీసిపారేయలేము. దాని పని అనుమానం వచ్చిన వారిని ఏరి కంటి వైద్యుల దగ్గరకు పంపడం. మీ విషయంలో ఆ పని అది సరిగ్గానే చేసింది. ఆ చీటీ మీద గ్లకోమా అన్న మాట వాడకుండా, ప్రెషర్ మళ్లీ చూపించుకోండి అని చెప్పి ఉంటే సరిపోయేది.

ఇక చుక్కల మందు సంగతి. గ్లకోమా అంటే ప్రెషర్ పెరగడం అని చాలామంది అనుకుంటారు, కాని అది కంటి నరం దెబ్బతినే జబ్బు, ప్రెషర్ దానికి దారితీసే ముఖ్య కారణం మాత్రమే. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనంలో, నగరంలో పరీక్షించిన వారిలో ఓపెన్ యాంగిల్ గ్లకోమా, అంటే కంటిలోని నీరు బయటకు పోయే కోణం తెరిచే ఉన్నా వచ్చే రకం, ఉందని తేలినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ప్రెషర్ 22 లోపే ఉంది. కాబట్టి 18 వచ్చింది, ఇక ఏ బెంగా లేదని ఇంటికి వెళ్లిపోవడం కూడా సరికాదు. మీ ఆసుపత్రి చీటీలో మూడు విషయాలు ఉన్నాయో లేదో చూడండి. కంటి నరం తలను కనుపాప పెద్దది చేసి చూసి, దాని మధ్య గుంత ఎంత ఉందో రెండు కళ్లకూ రాశారా? గోనియోస్కోపీ చేసి, కంటిలోని నీరు బయటకు పోయే కోణం తెరిచి ఉందో ఇరుకుగా ఉందో చూశారా? చూపు నలుపక్కలా ఎంత మేర అందుతోందో చూసే దృష్టి క్షేత్ర పరీక్ష చేశారా? ఈ మూడూ బాగుంటే, ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో గ్లకోమా లేకుంటే, మీ అంకెలకు ఇప్పుడే మందు మొదలుపెట్టమని అనుభవమున్న వైద్యులు చెప్పే అవకాశం తక్కువ. తుది మాట మాత్రం మీ నరాన్ని కళ్లారా చూసిన వైద్యులదే.

మీ కార్నియా మందం మీకు కొంత అనుకూలమైన సంగతి కూడా. ప్రెషర్ ఎక్కువగా ఉండి, నరం ఇంకా బాగున్న వారిని ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అందులో కార్నియా 555 మైక్రాన్లు గాని అంతకు తక్కువ గాని ఉన్నవారికి, 588 దాటినవారితో పోలిస్తే గ్లకోమా వచ్చే ముప్పు సుమారు మూడు రెట్లు కనిపించింది. మీ రెండు కళ్లూ 588 దాటినవే.

మూడు విషయాల్లో గోనియోస్కోపీ మీద నేను ప్రత్యేకంగా పట్టుపట్టడానికి కారణం ఉంది. కోణం ఇరుకుగా ఉన్న కంటిలో ప్రెషర్ ఒక వేళ 24, ఇంకో వేళ 16 ఉండటం నిజంగానే జరుగుతుంది. అప్పుడు రెండు పరికరాలూ తమ తమ వేళల్లో సరైన అంకెనే చూపినట్టు. తాకించి చూసిన అంకె తక్కువ వచ్చింది కదా అని గాలి మిషన్‌ను తప్పుపట్టి వదిలేస్తే ఆ జబ్బు దొరకదు. సాయంత్రం పూట మసక వెలుతురులో కంటి చుట్టూ నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు ఎప్పుడైనా కనిపించి ఉంటే అది తప్పక చెప్పండి.

ఇకముందు ప్రెషర్ ఒకే ఆసుపత్రిలో, గోల్డ్‌మన్‌తోనే చూపించుకోండి. మొదట వచ్చే రెండు మూడు నెలల్లో ఒకసారి ఉదయం తొమ్మిదింటి లోపు, ఒకసారి సాయంత్రం చూపించుకుంటే మీ ఒత్తిడి ఏ హద్దుల మధ్య తిరుగుతుందో తెలుస్తుంది. ప్రతి అంకె పక్కన ఏ పరికరమో, ఏ వేళో రాయమని అడగండి. రెండేళ్ల తర్వాత 18 కాస్తా 22 అయిందని ఎవరైనా అంటే, ఆ 22 గాలి మిషన్‌దో ప్రిజమ్‌దో తెలియకుండా ఆ మార్పు గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు. మీ నరం ఫోటోనూ, మొదటి దృష్టి క్షేత్ర పరీక్ష కాగితాన్నీ ఆ చీటీలతో కలిపి దాచండి, తర్వాతి ఏ వైద్యులు చూసినా పోల్చుకోవడానికి వాటినే ముందు అడుగుతారు.